అయిదేళ్ళ పిల్లోడికి ఆపరేషన్: చెప్పి తీసుకుపోవాలా, చెప్పకుండానా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది కావలి. మా బాబుకి అయిదేళ్ళు, యూకేజీ. టాన్సిల్సు, ముక్కు వెనకాల అడినాయిడ్సు రెండూ పెద్దవైపోయినాయి, రాత్రిళ్ళు గురక పెడతా ఊపిరి ఆగినట్టు లేస్తాడు. నెల్లూరులో ఆపరేషన్ పెట్టారు, ఇంకా తొమ్మిది రోజులుంది. పోయిన నెల రక్తం తీసేటప్పుడు నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది, అప్పట్నుంచి ఆసుపత్రి అంటేనే వణికిపోతున్నాడు. మా అత్తమ్మ ఏమీ చెప్పొద్దు, బట్టలు కొనిపెడతామని చెప్పి తీసుకుపోదాం అంటున్నారు. మా ఆయనేమో ఫోన్లో ఆపరేషన్ వీడియో చూపిస్తే ధైర్యం వస్తుందంటాడు. నాకేం తోచట్లేదు, మీరే చెప్పండి.

సమాధానం: అమ్మా, రెండూ వద్దు. ముందు అత్తమ్మ గారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే నేను 28 ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేశాను, బట్టలకని, తిరణాలకని, మామ వాళ్ళూరికని చెప్పి తెచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఒక పాప గుర్తుంది నాకు, ఇదే ఆపరేషన్, ఇదే వయసు. కొత్త గౌను కొంటామని తెచ్చారు. నేనూ ఆ రోజు ఆ అబద్ధంలో చేయి కలిపాను, ‘ఏం కాదు బంగారం, అస్సలు నొప్పి ఉండదు’ అన్నాను, అప్పట్లో నాకూ అంతకన్నా తెలీదు. ఆపరేషన్ బానే అయింది. సాయంత్రం వాళ్ళమ్మ చెంచాతో నీళ్ళు పెడితే పెదాలు బిగించేసింది, అమ్మ చేత్తో ఏమిచ్చినా వద్దంటది, నన్ను చూస్తే దుప్పటి కప్పేసుకుంటది. టాన్సిల్సు తీసినాక నీళ్ళు తాగడమే సగం వైద్యం, తాగకపోతే గొంతు ఎండి నొప్పి ఇంకా ఎక్కువవుద్ది, ఒంట్లో నీరు తగ్గిపోద్ది. ఆ పిల్లకి రెండో రోజు కూడా సెలైన్ మీదే గడిచింది. ఆ పాప మొండిదేం కాదు, మేమే మోసం చేశాం కదా, ఇంక ఎవర్ని నమ్మాలి ఆ బిడ్డ.

మీ ఆయన వీడియో సంగతి. అయిదేళ్ళ వాడికి వాడు మెలకువగా ఉన్నప్పుడు కళ్ళకి కనపడేది, చెవికి వినపడేది, ఒంటికి తగిలేది తెలిస్తే చాలు. నిద్రలో డాక్టరు ఏం చేస్తాడో వాడు చూడడు, కాబట్టి అది చూపించే పనే లేదు. రక్తం, కత్తెర చూస్తే ధైర్యం రాదు, రాత్రి పక్క తడుపుతాడు, అంతే.

ఎప్పుడు చెప్పాలంటే, ఈ రోజే వద్దు. ఈ వయసు పిల్లలకి తొమ్మిది రోజులంటే ఎంతో తెలీదు, రోజూ పడుకునే ముందు ‘రేపేనా’ అని అడుగుతా నలిగిపోతాడు. అట్టాగని ముందు రాత్రి చెప్తే ఆడుకోడానికి టైం ఉండదు. నాలుగు రోజుల ముందు మొదలుపెట్టు, గురువారం ఆపరేషన్ అయితే ఆదివారం పొద్దున అనుకో. (రెండేళ్ళు మూడేళ్ళ వాళ్ళకయితే ముందు రోజు చాలు, ఎనిమిది తొమ్మిదేళ్ళ వాళ్ళకి వారం పది రోజుల ముందే చెప్పాలి, వాళ్ళు దాచినా పసిగడతారు, ప్రశ్నలు కూడా ఎక్కువ.) ఈలోపు ఇంట్లో పెద్దవాళ్ళు వాడి ముందు ఫోన్లో ‘పాపం బిడ్డని కోస్తారంట’ అని చుట్టాలకి చెప్పకుండా చూసుకో, చెవులు ఇటే ఉంటాయి వాడివి.

మాటలు మాత్రం జాగ్రత్తగా ఏరుకోవాలి. మనకి మామూలుగా వచ్చే మాటలు పిల్లలకి వేరేగా వినపడతాయి. ‘కోస్తారు’ అంటే వాడికి తెలిసిన కోత ఆదివారం కోడి అంగట్లో చూసిందే. ‘గ్యాసు పెడతారు’ అంటే వంటింట్లో సిలిండరు. ‘నిద్రపుచ్చుతారు’ అంటే ఇంకా చిక్కు, ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడు ‘తాత నిద్రపోతున్నాడు నాన్నా’ అని చెప్పి ఉంటే వాడు ఆ నిద్రే అనుకుంటాడు. అది కాకపోయినా, రాత్రి నిద్రలో దోమ కుడితే లేస్తాం కదా, మరి ఆపరేషన్ మధ్యలో లేస్తే ఎట్టా అని భయం. అందుకని ఇట్టా చెప్పు: “నీ గొంతులో రెండు ఉండలు పెద్దవైపోయి గాలికి అడ్డం పడుతున్నాయి నాన్నా, అందుకే రాత్రిపూట ఊపిరి ఆడట్లేదు. గురువారం నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు వాటిని నోట్లోంచి తీసేస్తారు. అప్పుడు నువ్వు మందు నిద్రలో ఉంటావు. అది రాత్రి నిద్ర కాదు, దాంట్లో ఎవరు పిలిచినా వినపడదు, ఏం చేసినా తెలీదు. మందు నిద్ర చూసుకోడానికే ఒక డాక్టరు ఉంటారు, పని అయిపోయి నువ్వు లేచిందాకా నీ పక్కనే ఉంటారు.” ఇంత చాలు మొదటి రోజుకి.

దీనికి ఇంకో ముక్క తగిలించు, అది మర్చిపోకు. ‘నువ్వు ఐస్ తిన్నందుకో, మాట విననందుకో ఇది రాలేదు’ అని. ఈ వయసు పిల్లలు జబ్బంటే తప్పుకి శిక్ష అనుకుంటారు, మనమే కదా ‘అల్లరి చేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి సూది వేయిస్తా’ అని రోజూ అంటా ఉంటాం. ఆ మాట ఈ రోజు నుంచే ఇంట్లో బందు పెట్టండి, అవ్వతో సహా.

ఇప్పుడు అసలు పని, ఆట. చెప్పింది వాడికి ఎట్టా అర్థమైందో తెలుసుకోవాలంటే నువ్వు అడిగితే వాడు చెప్పడు, బొమ్మ చెప్తుంది. మా చెల్లెలు కొడుకు సింగరాయకొండలో ఉంటాడు, వాడికీ అయిదేళ్ళప్పుడే టాన్సిల్సు తీశారు. నేను పోయేసరికి మా చెల్లెలు అంతా చెప్పేశానక్కా, వాడికి భయమేం లేదు అంది. సరేనని వాడికి ఒక బొమ్మనిచ్చి ‘నువ్వే డాక్టరు, దీనికి టాన్సిల్సు ఆపరేషన్ చెయ్యి, నేను చూస్తా ఉంటా’ అన్నాను. గమ్మున కూర్చున్నా. వాడు బొమ్మని పడుకోబెట్టాడు, చేతులు రెండూ హెయిర్ బ్యాండుతో కట్టేశాడు, ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకొని ఈ చెవి కింద నుంచి ఆ చెవి కింద దాకా మెడ మీద గీత గీశాడు. గీసి, దూది తెచ్చి అద్దుతున్నాడు! మా చెల్లెలికి నోట మాట రాలేదు. వాడి మనసులో మెడ బయట నుంచి కోస్తారని ఉంది, చేతులు కట్టేస్తారని ఉంది, అయినా ‘భయమా నాన్నా’ అంటే ‘ఊహూ’ అంటున్నాడు.

నేను అక్కడ ‘అట్టా కాదురా తప్పు’ అనలేదు. ‘ఓ డాక్టరు గారూ, ఈ బొమ్మకి నోరు ఉంది కదా, ఆ డాక్టరు నోట్లోంచే తీస్తాడంట, మెడ మీద ఒక్క గీత కూడా పడదంట’ అన్నాను. సెల్ ఫోన్ లైటు వేసి అద్దంలో వాడి గొంతు వాడికే చూపించాను, ఆ అనమని, వెనకాల రెండు పక్కలా రేగిపళ్ళలాగా ఉండేయి ఇవే అని. తర్వాత నా గొంతు వాడికి చూపించాను. అప్పుడు వాడు తడిగుడ్డ తెచ్చి బొమ్మ మెడ తుడిచేశాడు. చేతుల గురించి కూడా చెప్పా, కట్టెయ్యరు, నువ్వు కదలకుండా ఉంటే అమ్మ ఒళ్ళో కూర్చోవచ్చు అని. అయితే అది నేను ముందే ఆసుపత్రిలో కనుక్కొని చెప్పిన మాట. నువ్వూ కనుక్కో, కనుక్కోకుండా మాటివ్వకు.

అందుకే మొదటి రోజు వాడే డాక్టరు, నువ్వు చూడు. రెండో రోజు నువ్వు పేషంటు, నీకు సూది వేస్తాడు, నువ్వు ‘అబ్బా’ అను, చేయి మాత్రం కదపకు. అరవొచ్చు, ఏడవొచ్చు, చేయి ఒక్కటే రాయిలాగా ఉంచాలి అని వాడు నిన్ను చూసి నేర్చుకుంటాడు. మూడో రోజు బొమ్మ పేషంటు, నువ్వూ వాడూ ఇద్దరూ డాక్టర్లు. వాడు తనే పేషంటు అవుతానంటే సరే, నువ్వు మాత్రం బలవంతంగా పడుకోబెట్టకు. పది పదిహేను నిమిషాలు చాలు, లేచిపోతే పోనీ.

సామాన్లకి పెద్ద ఖర్చేం లేదు. మందుల షాపులో సూది లేని సిరంజి, పేపరు టేపు, తలకి టోపీ, మాస్కు దొరుకుతాయి. మీవాడికి నెబులైజర్ పెట్టి ఉంటే దాని మాస్కు ఇంట్లోనే ఉంటది. సెలైన్ స్టాండుకి కొక్కేనికి తగిలించిన నీళ్ళ సీసా, దారం చాలు.

సూది భయం మీవాడికి ఇప్పటికే ఉంది కాబట్టి దాని మీద కొంచెం ఎక్కువ కూర్చో. పిల్లలు చేతికి టేపు వేసి ఉంటే లోపల సూది అట్టాగే గుచ్చుకొని ఉందనుకుంటారు, అందుకే చేయి అస్సలు కదిలించరు, గంటలకొద్దీ బిగబట్టుకొని ఉంటారు. నిజానికి సూది దారి చూపించి బయటికి వచ్చేస్తుంది, లోపల ఉండేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం మాత్రమే. కూల్‌డ్రింకు స్ట్రా ముక్కతో చూపించు, స్ట్రాలో పుల్ల పెట్టి, పుల్ల బయటికి లాగెయ్యి, ‘చూడు సూది వెళ్ళిపోయింది, స్ట్రా ఉంది, దీంట్లోంచి మందు పోద్ది’ అని బొమ్మ చేతికి టేపుతో అతికించు. నొప్పి ఉండదని చెప్పకు. ‘చీమ కుట్టినట్టు’ అని కూడా అనకు, గండుచీమ కుట్టి ఉంటే వాడికి తెలుసు. ‘గుచ్చుకుంటది, నువ్వు అయిదు సార్లు ఊదేలోపల అయిపోద్ది’ అని చెప్పి సబ్బు బుడగలు ఊదినట్టు ఊదడం రోజూ ఆడించు. చర్మానికి తిమ్మిరి ఎక్కించే క్రీము ఒకటి ఉంది, సూదికి గంట ముందు చేతి మీద మందంగా రాసి పైన ప్లాస్టిక్ అతికిస్తారు. అది వాడతారా అని డాక్టర్ని అడుగు, నీ అంతట నువ్వు కొని రాయొద్దు. నలుగురు పట్టుకునే బదులు నీ ఒళ్ళో నీకు ఎదురుగా, ఛాతీకి ఛాతీ ఆనించి కూర్చోబెట్టుకొని, ఒక చేయి నీ వీపు పక్కనుంచి నర్సుకి ఇచ్చేటట్టు పట్టుకుంటామని అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. ఇంకో సంగతి, లేని అవకాశం ఇవ్వకు. ‘సూది వేయించుకుంటావా నాన్నా’ అంటే వద్దు అంటాడు, అప్పుడు ఏం చేస్తావు? ‘ఏ చేతికి? బొమ్మని పట్టుకుంటావా, నా వేలు పట్టుకుంటావా?’ ఇవి అడుగు.

కొంతమంది మత్తు డాక్టర్లు ముందు మాస్కుతో మందు గాలి పీల్పించి, పడుకున్నాకే సూది పెడతారు. మీకు ఎట్టా చేస్తారో ముందు రోజు మత్తు డాక్టరు చూసేటప్పుడు తప్పకుండా అడుగు, దాన్ని బట్టే ఆట. మాస్కు అయితే ఇంట్లో నెబులైజర్ మాస్కు వాడి చేత్తో వాడే మొహానికి పెట్టుకోవాలి, నువ్వు నొక్కొద్దు, బొమ్మకి పెట్టాలి, నీకు పెట్టాలి, పదంకెలు లెక్కపెట్టాలి. ఆ మందుకి ఒక వాసన ఉంటది, మార్కరు పెన్ను వాసనలాగా అంటారు పిల్లలు, అది ముందే చెప్తే అక్కడ ఉలిక్కిపడడు. ‘వింత వాసన వస్తది, బుడగలు ఊదినట్టు గట్టిగా ఊదెయ్యి’ అని చెప్పు. గట్టిగా ఊదినోడు గట్టిగా పీలుస్తాడు కూడా, అదీ కిటుకు.

ఇంక ఆ రోజు పొద్దున. ఖాళీ కడుపు సంగతి ఆదివారమే ఆటలో చేర్చు, బొమ్మకి కూడా ఇడ్లీ పెట్టకు. మామూలుగా అయితే పాలు, తేలికపాటి టిఫిను 6 గంటల ముందు ఆపాలి, నూనె వస్తువులు 8 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. మీ డాక్టరు చెప్పిన టైమే లెక్క, కానీ ‘రాత్రి నుంచి ఏమీ వద్దు’ అని ఊరికే అనేస్తే ‘నీళ్ళు ఎప్పటిదాకా ఇవ్వొచ్చు సార్’ అని అడుగు, దాహంతో ఉన్న పిల్లోడు ఏం చెప్పినా వినడు. పాలు, టీ నీళ్ళ లెక్కలోకి రావు. అవ్వ జాలిపడి చాటుగా బిస్కెట్ పెట్టకుండా చూసుకో. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, తిన్నాడని తెలిస్తే ఆపరేషన్ ఆపేస్తారు, ఆపెయ్యాలి కూడా. దగ్గు, జ్వరం ఉన్నా దాచకుండా చెప్పెయ్యి, వాయిదా పడొచ్చు, అందుకే వాడికి కూడా ‘డాక్టరు చూసి సరే అంటే గురువారమే’ అని చెప్పి ఉంచు.

మొలతాడు, తాయెత్తు, దిష్టి పూసలు థియేటర్లోకి పోయేముందు తీయమంటారు. ఇది ఎవరూ ముందు చెప్పరు, ఆ తలుపు దగ్గర నర్సు కత్తెర తీసుకొని మొలతాడు తెంపబోతే అప్పటిదాకా బానే ఉన్న పిల్లోడు కూడా కేకలు పెట్టడం, అవ్వ అపశకునం అని ఏడవడం చాలాసార్లు చూశాను. ఇంట్లోనే దేవుడి దగ్గర నువ్వే విప్పి, వాడి బొమ్మకి కట్టెయ్యి. బొమ్మని కొన్నిచోట్ల లోపలికి రానిస్తారు, కొన్నిచోట్ల రానివ్వరు, అడిగే చెప్పు.

నువ్వు లోపలికి రావొచ్చో లేదో ముందే కనుక్కో. తల్లి పక్కనుంటే భయం తగ్గుతుందని అందరూ అనుకుంటారు గానీ, గడగడా వణికే అమ్మ పక్కనుంటే పిల్లోడికి ఒరిగేదేం లేదు, ఇంకా బెదురుతాడు. మీ ఇద్దర్లో ఎవరు గట్టిగా ఉంటే వాళ్ళు పోండి, ఫోన్లో వాడికిష్టమైన కార్టూన్ పెట్టి చేతికివ్వండి, మత్తు ఎక్కేదాకా చూస్తా ఉంటే చాలా సాయం. రానివ్వకపోతే ‘నేనూ వస్తా’ అని అబద్ధం చెప్పొద్దు, ‘ఈ తలుపు దాకా నేను, తలుపు అవతల టోపీ పెట్టుకున్న అక్క, నువ్వు లేచేసరికి నేను’ అని ఆటలో కూడా ఒక తలుపు పెట్టి ఆడించు. ‘లేచేసరికి’ అనే మాట కూడా అక్కడ పద్ధతి అడిగి చెప్పు, కొన్నిచోట్ల లేచిన కాసేపటికి గానీ పిలవరు. తలుపు దగ్గర ఒక ముద్దు పెట్టి పంపెయ్యి, వెనక్కి పిలిచి మళ్ళీ మళ్ళీ పట్టుకోవద్దు.

నువ్వు మాత్రం ఒకదానికి సిద్ధంగా ఉండు. ఎంత బాగా ఆడించినా, మత్తు దిగేటప్పుడు ఈ వయసు పిల్లలు కొంతమంది కాళ్ళూ చేతులూ కొట్టుకుంటా, నిన్ను కూడా గుర్తుపట్టనట్టు కేకలు పెడతారు. సెలైన్ పీకేసుకోబోతారు. అది భయం కాదు, అంతా నొప్పే కాదు, మెదడు సగం నిద్రలో ఉండి వచ్చే గందరగోళం. ఎక్కువమందికి అరగంట లోపల తగ్గిపోద్ది, తర్వాత వాడికి గుర్తు కూడా ఉండదు. అప్పుడు ‘ఇంత చెప్పినా ఇట్టా చేస్తావేందిరా’ అని కసరొద్దు, లైటు తగ్గించమని, దెబ్బ తగలకుండా పట్టుకొని, చిన్నగా ఒకే మాట అంటా ఉండు. నర్సుకి చెప్పు, నొప్పి మందు చాలిందో లేదో వాళ్ళు చూసుకుంటారు.

గొంతు నొప్పి గురించి కూడా ముందే చెప్పాలి. అందరూ ‘ఆపరేషన్ అయితే బోలెడు ఐస్‌క్రీం’ అని ఊరిస్తారు, వాడు లేచి మింగబోతే గొంతు మండుద్ది, ఇంక ఐస్‌క్రీం మీదా నమ్మకం పోద్ది. ‘కొన్ని రోజులు గొంతు నొప్పి ఉంటది, చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగితే తగ్గుతుంది, నొప్పికి సిరప్ ఇస్తారు’ అని చెప్పు. వారం పది రోజులు ఉంటది, మధ్యలో మూడు నాలుగు రోజులప్పుడు ఎక్కువ అవ్వచ్చు, చెవి కూడా నొప్పి అంటాడు, గొంతులో తెల్లటి పొర కనపడుద్ది, నోరు వాసన వస్తది, ఇవన్నీ మామూలే. సిరప్ నొప్పి వచ్చినాక కాకుండా డాక్టరు రాసిన టైము ప్రకారం ఇవ్వాలి, అప్పుడే తాగుతాడు. మొదటి రోజు ఉమ్మిలో కాస్త రక్తపు చార కనపడొచ్చని వాడికి ముందే చెప్తే హడలిపోడు. ఇంటికి వచ్చినాక మాత్రం, ముఖ్యంగా 5 నుంచి 10 రోజుల మధ్య, ఎర్రటి తాజా రక్తం నోట్లోంచి వచ్చినా, రక్తం కక్కుకున్నా కొంచెమే కదా అని చూడొద్దు, రాత్రి అయినా సరే వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. మీరు కావలిలో ఉంటారు కాబట్టి అర్ధరాత్రి అయితే ఎవరి బండి, ఏ నంబరుకి ఫోను, దగ్గర్లో ఏ ఆసుపత్రి తెరిచి ఉంటదో ఇప్పుడే కాగితం మీద రాసి తలుపుకి అంటించు. మీ అత్తమ్మ గారు వాడికి చేపల పులుసు పెట్టాలన్నా డాక్టరు సరే అన్నాకే.

ఇంటికొచ్చినాక నెల రోజులు అందరికీ సూదులు వేస్తా తిరుగుతాడు, వెయ్యనివ్వండి, బొమ్మ చేతికి వేసిన టేపు వాడంతట వాడు పీకేదాకా ఎవరూ పీకొద్దు. రాత్రిళ్ళు ఉలిక్కిపడటం, నిన్ను వదలకపోవడం రెండు మూడు వారాలు ఉండొచ్చు. ఆ తర్వాత కూడా తగ్గకపోతే చెకప్‌కి పోయినప్పుడు డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పు, గొంతు ఒక్కటే చూపించి వచ్చెయ్యకు.